ఆధార్‌లో తేదీ మార్చే ముందు బడి రిజిస్టరు చూడండి

ప్రశ్న: సార్, నమస్కారం. మాది చిత్తూరు జిల్లాలో పలమనేరు దగ్గర పల్లె. ఎనిమిదేళ్లుగా బెంగళూరులో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. 2011లో పదో తరగతి పాసయ్యాను. ఎస్సెస్సీ సర్టిఫికెట్‌లో నా పుట్టిన తేదీ 10-06-1996. ఆధార్‌లో, పాన్ కార్డులో, పీఎఫ్ ఖాతాలో మాత్రం 01-01-1996. కంపెనీ రెండేళ్లకు విదేశం పంపుతామంటే పాస్‌పోర్టుకు దరఖాస్తు చేశాను. ఫారంలో ఆధార్ తేదీ రాసి, పదో తరగతి సర్టిఫికెట్ కూడా జత చేశాను. సేవా కేంద్రంలో అధికారి రెండూ చూసి, తేదీలు సరిచేసుకుని రమ్మని ఫైలు ఆపేశారు. నాన్నకు చెబితే ట్రంకుపెట్టెలో వెతికి పంచాయతీ వారు ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం ఫోటో పంపారు. అందులో 23-11-1996 అని ఉంది, పేరు గడి ఖాళీగా ఉంది. అమ్మ కూడా నేను కార్తీక పౌర్ణమికి ఒకటి రెండు రోజుల ముందు పుట్టానంటుంది. ఆధార్ సవరణకు వచ్చే శనివారం అపాయింట్‌మెంట్ దొరికింది. ఒక ఏజెంటేమో పదిహేను వేలిస్తే పదో తరగతి తేదీతోనే కొత్త జనన ధ్రువీకరణ పత్రం తెప్పిస్తానంటున్నాడు. మూడు తేదీల్లో దేన్ని ఉంచుకోవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక సోదరి, బెంగళూరు

సమాధానం: అమ్మా, ముందుగా ఆ శనివారం అపాయింట్‌మెంట్ వాయిదా వేసుకోండి. ఆధార్‌లో పుట్టిన తేదీని మార్చుకునే అవకాశం ఒక్కసారే ఇస్తారు. మీరు ఆ అవకాశాన్ని ఒక తేదీకి వాడేసి, ఆరు నెలల తరువాత అసలు ఉండవలసింది ఇంకొకటని తేలితే, రెండో దరఖాస్తును పరిమితి దాటిందని తిరస్కరిస్తారు. అప్పుడు ఆధార్ సహాయ నంబరు 1947కు ఫోను చేసి, లేదా help@uidai.gov.in కు రాసి, ప్రత్యేక కేసుగా ప్రాంతీయ కార్యాలయం పరిశీలించేలా చూసుకోవాలి. అది ఎప్పుడు తేలుతుందో, ఒప్పుకుంటారో లేదో చెప్పలేము. అందుకని ఆధార్ సవరణ మీ పనుల్లో మొదటిది కాకూడదు. ఏ తేదీ నిలుస్తుందో తేలిన తరువాతే దాన్ని ముట్టుకోవాలి.

ఏజెంటు మాట రెండోది. మీ జననం 1996లోనే పంచాయతీలో నమోదయింది. ఏడాది దాటిన జననాన్ని కొత్తగా నమోదు చేయడానికి జనన మరణాల నమోదు చట్టంలో 13వ సెక్షన్ ఉంది. కానీ అది అసలు నమోదే కాని జననాల కోసం. నమోదు లేదని ధ్రువీకరించే కాగితం తెచ్చుకుని, మెజిస్ట్రేటు అధికారం ఉన్న అధికారి నుంచి ఉత్తర్వు పొందాలి. మీ విషయంలో అతను చేయబోయేది, ఉన్న నమోదును దాచిపెట్టి లేదని చెప్పి రెండోది పుట్టించడం. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు బాధ్యులయ్యేది సంతకం చేసే మీరూ మీ నాన్నగారూ. డబ్బు తీసుకున్న ఏజెంటు పేరు ఏ కాగితం మీదా ఉండదు. అతనికి మీ కాగితాల నకళ్లు కూడా ఇవ్వకండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేను ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. జూన్‌లో బడి తెరిచిన వారంలో తండ్రులు పిల్లల చేయి పట్టుకుని వచ్చి వరండాలో నిలబడేవారు. పాపకు ఎన్నేళ్లని అడిగితే 'ఐదు నడుస్తోంది సార్' అనేవారు. ఒకటో తరగతిలో చేర్చుకోవాలంటే ఐదు నిండాలి. నవంబరులో పుట్టిన బిడ్డను వెనక్కి పంపితే ఏడాదిపాటు పొలం గట్ల మీద తిరుగుతుందని, అడ్మిషన్ రిజిస్టరులో జూన్ మొదటి పక్షంలో ఏదో ఒక తేదీ వేసేవాళ్లం. నా చేతులతోనే రాశాను. ఒకే పుటలో సగానికి పైగా పిల్లలు జూన్‌లో పుట్టినట్టు కనిపించే రిజిస్టర్లు ఎన్నో బళ్లలో ఉన్నాయి. ఆ రోజు మేలు చేస్తున్నామనే అనుకున్నాం. ఇరవై ఏళ్ల తరువాత ఆ బిడ్డ ఒక అధికారి ముందు జవాబు చెప్పుకోలేక నిలబడుతుందని అప్పుడు తోచలేదు. ఆ బాధ నాకు ఉంది కాబట్టే ఇటువంటి ఉత్తరాలకు వివరంగా జవాబు రాస్తాను.

మీ 10-06-1996 కూడా అలాంటిదేనని నా అనుమానం. పదో తరగతి 2011లో అంటే ఒకటో తరగతిలో చేరింది 2001 జూన్‌లో. నవంబరు తేదీ ప్రకారం అప్పటికి మీకు నాలుగున్నరేళ్లు. జూన్ 10 అని రాస్తే సరిగ్గా ఐదు నిండుతాయి. ఇక 01-01-1996 ఎక్కడిదంటే, తొలి రోజుల ఆధార్ శిబిరాల్లో కాగితం చూపలేనివారు వయసు చెబితే సంవత్సరం మాత్రమే నమోదు చేసేవారు. మీ పాత ఆధార్ ఉత్తరం ఉంటే తీసి చూడండి. పూర్తి తేదీ కాకుండా 1996 అని మాత్రమే ఉండవచ్చు. సంవత్సరం మాత్రమే ఉన్నచోట కంప్యూటర్ జనవరి 1 వేసుకుంది, పాన్, పీఎఫ్ దాన్నే అనుసరించాయి. అంటే ఆ తేదీకి వెనక ఏ ఆధారమూ లేదు. ఎటు చూసినా పోవలసింది అదే. పోటీ మిగిలింది బడి తేదీకీ పంచాయతీ తేదీకీ మధ్య. 1996లో కార్తీకం నవంబరులోనే వచ్చింది కనుక మీ అమ్మగారి మాట పంచాయతీ తేదీతో సరిపోతోంది.

అయితే నా అనుమానం చాలదు. బడి కాగితాల్లో ఆ తేదీ ఏ మెట్టు దగ్గర చేరిందో కళ్లతో చూడాలి. ఎందుకంటే దారి అక్కడే చీలుతుంది.

మీ పుట్టిన తేదీ నాలుగు చోట్ల వరుసగా రాయబడింది. మొదట ప్రాథమిక పాఠశాల అడ్మిషన్ రిజిస్టరులో. మీరు ఉన్నత పాఠశాలకు వెళ్లినప్పుడు ఇచ్చిన రికార్డ్ షీటులో లేదా టీసీలో. దాన్ని చూసి ఉన్నత పాఠశాల అడ్మిషన్ రిజిస్టరులో. చివరగా పదో తరగతి పరీక్షకు ముందు బడి పంపిన విద్యార్థుల జాబితాలో, అంటే నామినల్ రోల్‌లో. ఆ నామినల్ రోల్ నుంచే సర్టిఫికెట్ మీద అచ్చయింది. ఒక సెలవు రోజు కాకుండా పనిరోజు చూసుకుని ఊరికి వెళ్లండి. ముళబాగిలు దాటితే మీ సరిహద్దే కదా, పొద్దున బయలుదేరితే బడి గంటకు చేరుకోవచ్చు. రెండు బళ్లలోనూ ప్రధానోపాధ్యాయుల పేర దరఖాస్తు రాసి, అడ్మిషన్ రిజిస్టరులో మీ వరుస నకలును సంతకం, ముద్రతో అడగండి. ఇవ్వడానికి తటపటాయిస్తే సమాచార హక్కు చట్టం కింద మీ సొంత రికార్డు అడిగే వీలుంది.

నకలు రాసేటప్పుడు పక్కన ఉండి మూల రిజిస్టరును మీరే చూడండి. పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి. రెండూ ఒకటేనా? దిద్దుబాటు ఉందా, ఉంటే దాని మీద ప్రధానోపాధ్యాయుడి పొడి సంతకం ఉందా? తేదీకి ఆధారంగా ఏ కాగితం చూశారో రాసి ఉందా, లేక తండ్రి చెప్పిన మాటేనా? తండ్రి సంతకమో వేలిముద్రో ఉందా? మీ వరుసకు పైనా కిందా ఉన్న పిల్లల తేదీలు కూడా ఒకసారి చూడండి. అన్నీ జూనే అయితే కథ అక్కడే తెలిసిపోతుంది.

ప్రాథమిక పాఠశాల రిజిస్టరులో 23-11-1996 అని ఉండి, ఉన్నత పాఠశాలలోనో నామినల్ రోల్‌లోనో 10-06గా మారి ఉంటే మీరు అదృష్టవంతులు. అది రాతలో జరిగిన పొరపాటు. దానికి కోర్టు అవసరం పడదు. పదో తరగతి చదివిన బడి ప్రధానోపాధ్యాయుడి ద్వారా సవరణ ప్రతిపాదన పంపించాలి. రెండు రిజిస్టర్ల ధ్రువీకరించిన నకళ్లు, నామినల్ రోల్ నకలు, టీసీ, అసలు ఎస్సెస్సీ సర్టిఫికెట్ అందులో ఉండాలి. ఆ ఫైలు విద్యాశాఖ జిల్లా కార్యాలయం మీదుగా విజయవాడలోని ప్రభుత్వ పరీక్షల సంచాలకుల కార్యాలయానికి వెళుతుంది. సర్టిఫికెట్ మీద తేదీ మార్చే అధికారం వారిదే. మీరు పరీక్ష రాసినప్పుడు రాష్ట్రం ఒకటే కాబట్టి సర్టిఫికెట్ మీద హైదరాబాదు చిరునామా ఉండవచ్చు. దాన్ని చూసి అక్కడికి వెళ్లకండి, 2014 తరువాత ఆంధ్ర జిల్లాల రికార్డు విజయవాడ పరిధిలోకి వచ్చింది. ఇందులో ఫైళ్లు ఆగేది ఎక్కువగా బడి స్థాయిలోనే. పాత నామినల్ రోల్ దొరకలేదనో, ప్రధానోపాధ్యాయుడు బదిలీ అయ్యారనో అంటారు. ప్రతిపాదన వెళ్లిన నంబరు, తేదీ రాయించుకుని మీ దగ్గర ఉంచుకోండి.

రెండు రిజిస్టర్లలోనూ మొదటి నుంచీ 10-06-1996 అనే ఉంటే సంగతి వేరు. అప్పుడు సర్టిఫికెట్ రిజిస్టరుకు సరిగ్గా నకలే, ఆఫీసు దృష్టిలో అక్కడ పొరపాటే లేదు. చదువు ముగించి వెళ్లిపోయిన విద్యార్థి తేదీని ప్రధానోపాధ్యాయుడు దిద్దలేడు, దిద్దినా చెల్లదు. బెంగళూరులో నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించుకున్నా అది మారదు. గెజిట్ ప్రకటన గురించి ఎవరైనా చెబితే అది పేరు మార్పుకు ఉపయోగపడేదని గుర్తుంచుకోండి, పుట్టిన తేదీని అది మార్చదు. ఇక మీకు మిగిలేవి రెండే. ఒకటి, ఎస్సెస్సీ తేదీని మీ అధికారిక తేదీగా ఒప్పుకుని మిగతా కాగితాలన్నీ దానికి తేవడం. రెండు, కోర్టుకు వెళ్లి ఎస్సెస్సీని పంచాయతీ తేదీకి తేవడం.

కోర్టు దారి ముందు చెబుతాను, దాని బరువు తెలిస్తేనే మొదటిదాన్ని తూచగలరు. నా నిజమైన పుట్టిన తేదీ ఫలానా అని ప్రకటించమనీ, దాని ప్రకారం రికార్డులు సరిచేయమని ఆదేశించమనీ సివిల్ దావా వేయాలి. బడీ, రికార్డులూ అక్కడే ఉన్నాయి కాబట్టి దావా వేయవలసింది సాధారణంగా ఆ ప్రాంతపు సివిల్ కోర్టులో, బెంగళూరులో కాదు. ప్రధానోపాధ్యాయుడు, జిల్లా విద్యాశాఖాధికారి, పరీక్షల సంచాలకులు, ప్రభుత్వం ప్రతివాదులు అవుతారు. ప్రభుత్వం మీద దావా కనుక సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద ముందు నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. అత్యవసరమైతే కోర్టు అనుమతితో నోటీసు లేకుండా వేయవచ్చు.

మీకు బలం ఎక్కడుందంటే, జనన రిజిస్టరు చట్టప్రకారం నడిపే పుస్తకం. బడి రిజిస్టరు కంటే దానికి విలువ ఎక్కువని సుప్రీంకోర్టు 2009లో ఒక ఉద్యోగి కేసులో చెప్పింది. బడి రిజిస్టరులోని తేదీ ఏ ఆధారంతో రాశారో చూపలేకపోతే దానికి పెద్ద విలువ లేదని 1988లోనే అన్నది.

బలహీనతలు మూడున్నాయి. మొదటిది ఆ ఖాళీ గడి. పేరు లేని జనన నమోదు మీదేనని ఎలా నమ్మాలి, మీ అక్కదో చెల్లెలిదో కాదా అని ప్రభుత్వ న్యాయవాది మొదటి ప్రశ్నగా అడుగుతారు. మీ తోబుట్టువుల జనన పత్రాలు వేరుగా ఉండి, వాటి తేదీలు వారి వారి కాగితాలతో సరిపోతే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. అందుకని నాన్నగారిని ఆ పెట్టె మళ్లీ వెతకమనండి. టీకాల కార్డు, ఆసుపత్రి చీటీ, జాతకం రాయించిన కాగితం ఏది దొరికినా దాచండి. పంచాయతీలో పేరు చేర్పించుకోవడానికి 14వ సెక్షన్ ఉంది, కానీ నిబంధనల్లో గడువు నమోదైన నాటి నుంచి 15 ఏళ్లు. అది మీకు 2011లోనే దాటింది. ఆ గడువును మధ్యమధ్య పొడిగిస్తూ వచ్చారు కాబట్టి ఇప్పుడు తెరిచి ఉందేమో పంచాయతీ కార్యదర్శిని అడగండి. పేరుకు రుజువుగా పదో తరగతి సర్టిఫికెట్ పెడితే అందులోని వేరే తేదీ చూసి ఆయన ఆగిపోవచ్చు. ఆ ముడి ముందే ఊహించి తల్లిదండ్రుల కాగితాలతో వెళ్లండి.

రెండోది కాలపరిమితి. ప్రకటన కోరే దావాకు లిమిటేషన్ చట్టం 58వ అధికరణం ప్రకారం, దావా వేసే హక్కు మొదట కలిగిన నాటి నుంచి మూడేళ్లే. మీరు సర్టిఫికెట్ అందుకున్నప్పుడు మైనరు. మేజరైన నాటి నుంచి లెక్కపెట్టినా గడువు మీ ఇరవై ఒకటో ఏటనే ముగిసిందని ప్రభుత్వం వాదిస్తుంది. జనన పత్రం ఇప్పుడే బయటపడిందనీ, పాస్‌పోర్టు ఆగినప్పుడే తేడా తెలిసిందనీ మీ న్యాయవాది వాదిస్తారు. ఇది దావా అసలు గుండెకాయ. న్యాయవాదిని కలిసినప్పుడు మొదట ఈ ప్రశ్నే వేయండి. 'అది చూసుకుందాంలే' అన్నవారికి ఫైలు ఇవ్వకండి.

మూడోది, ఆ జూన్ తేదీ వల్లనే కదా ఒక ఏడాది ముందు బడిలో చేరారు అనే ప్రశ్న. ఒక తేదీతో ప్రయోజనం పొంది, తరువాత ఇంకో తేదీ అడగడాన్ని కోర్టులు ఇష్టపడవు. నాలుగున్నరేళ్ల పిల్లకు అందులో పాత్ర లేదన్నది సరైన జవాబే, కానీ జవాబు చెప్పవలసి వస్తుందని తెలిసి వెళ్లండి.

ఇవన్నీ దాటడానికి ఏళ్లు పట్టవచ్చు. అంతవరకూ పాస్‌పోర్టు ఫైలు అలాగే ఉంటుంది, కంపెనీ ఇచ్చిన అవకాశం ఉండదు.

ఇక ఎస్సెస్సీ తేదీని ఒప్పుకునే దారి. దీనివల్ల కాగితం మీద మీ వయసు అసలు వయసు కంటే ఐదున్నర నెలలు ఎక్కువవుతుంది. ప్రైవేటు ఉద్యోగంలో దాని వల్ల నష్టం దాదాపు ఏమీ లేదు. ప్రభుత్వ ఉద్యోగానికి పోటీ పరీక్షలు రాసే ఆలోచన ఉంటే గరిష్ఠ వయసులో ఆ ఐదున్నర నెలలు కోల్పోతారు, పదవీ విరమణా అంత ముందే వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగంలో చేరినప్పుడు సర్వీసు రిజిస్టరులో ఎక్కిన తేదీని తరువాత మార్చనివ్వని నిబంధనలు 1984 నుంచీ ఉన్నాయి. కనుక నవంబరు తేదీ మీకు ముఖ్యమైతే ఉద్యోగంలో చేరే ముందే తేల్చుకోవాలి. ఇంకొకటి, అమెరికా వంటి చోట శాశ్వత నివాసానికి వెళితే జనన ధ్రువీకరణ పత్రం అడుగుతారు. అప్పుడు పాస్‌పోర్టులో జూన్, పత్రంలో నవంబరు కనిపిస్తాయి, వివరణ ఇవ్వవలసి వస్తుంది. రెండేళ్ల పని మీద వెళ్లి రావడమే అయితే ఈ చిక్కు మీ దాకా రాకపోవచ్చు. మీ మనసులో ఏముందో మీకే తెలియాలి.

ఇందులో మనస్సాక్షికి సంబంధించిన మాట ఒకటి ఉంది, దాన్ని దాటవేయను. నిజంగా పుట్టింది జూన్ 10న కాదని మీకు ఇప్పుడు తెలుసు. ఎస్సెస్సీ ప్రభుత్వం ఇచ్చిన పత్రమే, దాని తేదీని అధికారిక తేదీగా వాడుకుంటూ బతుకుతున్నవారు మన పల్లెల్లో లెక్కలేనంతమంది. 2023 అక్టోబరు 1కి ముందు పుట్టినవారికి పాస్‌పోర్టు నిబంధనల్లో జనన ధ్రువీకరణ పత్రం తప్పనిసరి కాదు, పదో తరగతి సర్టిఫికెట్ చెల్లుతుంది. అయినా ఏ అధికారి అయినా 'వేరే తేదీతో జనన పత్రం ఉందా' అని సూటిగా అడిగితే లేదని చెప్పకండి. పాస్‌పోర్టు చట్టంలో తప్పుడు సమాచారానికీ, ముఖ్యమైన సంగతి దాచినందుకూ శిక్ష ఉంది, ఇచ్చిన పాస్‌పోర్టు వెనక్కి తీసుకునే అధికారమూ ఉంది. అలాగే పదో తరగతి సర్టిఫికెట్ పెట్టకుండా ఆధార్ తేదీతోనే మళ్లీ దరఖాస్తు చేద్దామనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. మీ మొదటి ఫైలులో ఆ సర్టిఫికెట్ ఇప్పటికే ఉంది.

ఈ దారి పడితే కోర్టు దారి దాదాపు మూసుకుపోతుందని కూడా తెలుసుకోండి. 'ఆధార్‌లో, పాన్‌లో, పాస్‌పోర్టులో మీరే కోరి జూన్ తేదీ వేయించుకున్నారు' అని తరువాత మీ సంతకాలే చూపిస్తారు. ముందు ఇది చేసి తీరికగా అది చేద్దామన్నది కుదరని పని.

నన్నడిగితే, రిజిస్టర్లలో మొదటి నుంచీ జూన్ ఉన్నట్టు తేలితే, మీకు ప్రభుత్వ ఉద్యోగం, శాశ్వతంగా విదేశంలో స్థిరపడటం రెండూ ఆలోచనలో లేకపోతే, నేను ఎస్సెస్సీ తేదీ వైపే మొగ్గుతాను. ఐదున్నర నెలల తేడా కోసం, గడువు దాటిందనే వాదన తలమీద పెట్టుకుని ఏళ్లపాటు కోర్టుకు తిరగడం నాకు నచ్చదు. అదే తేడా మూడు నాలుగేళ్లు ఉంటే వేరే మాట చెప్పేవాణ్ణి. స్థిరపడే ఆలోచన ఉంటే మాత్రం న్యాయవాదిని కలవకుండా ఏదీ ముట్టుకోకండి.

ఎస్సెస్సీ తేదీకే నిర్ణయించుకుంటే పని ఈ వరుసలో నడవాలి. ముందు ఆధార్. అసలు ఎస్సెస్సీ సర్టిఫికెట్ తీసుకుని ఆధార్ సేవా కేంద్రానికి వెళ్లండి, రుసుము 75 రూపాయలు. సర్టిఫికెట్ మీద ఉన్న పేరూ ఆధార్‌లోని పేరూ ఇంటిపేరుతో సహా ఒకటేనా అన్నది ఇంట్లోనే సరిచూసుకోండి. తేదీ సరైనదై పేరు కలవకపోయినా తిరస్కరిస్తారు. ఆపరేటరు టైపు చేశాక తెర మీద చూపిస్తారు, తరువాత చీటీ ఇస్తారు. ఆ చీటీ మీద 10/06/1996 అని ఉందా, 06/10 అని పడిందా అన్నది కుర్చీలోంచి లేవకముందే చదవండి. ఒక్క అవకాశమూ అలా నెల తారుమారై పోయినవారిని నేను చూశాను.

ఆధార్ మారిన సందేశం వచ్చాక పాన్ సవరణకు దరఖాస్తు చేయండి. ఆ రెండింటిలో తేదీ కలవకపోతే పాన్–ఆధార్ అనుసంధానం తప్పుతుంది. అందుకే రెండింటి మధ్య ఎక్కువ వ్యవధి వదలకండి. తరువాత పీఎఫ్. తేదీ మార్పు జాయింట్ డిక్లరేషన్ ద్వారా జరుగుతుంది, దానికి కంపెనీ ఆమోదం కూడా అవసరం పడవచ్చు. 2024 జనవరిలో పీఎఫ్ సంస్థ పుట్టిన తేదీ రుజువుల జాబితా నుంచి ఆధార్‌ను తీసేసింది, కాబట్టి అక్కడ కూడా ఎస్సెస్సీనే జత చేయండి. బ్యాంకు, ఓటరు కార్డు ఆ వెనక చూసుకోవచ్చు, అవి మీ ప్రయాణాన్ని ఆపవు.

ఆధార్ మారగానే పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్లవచ్చు, పాన్, పీఎఫ్ అయ్యేదాకా ఆగనక్కరలేదు. మీ పాత ఫారంలో 01-01-1996 అని మీరే రాశారు కనుక, దాన్ని 10-06-1996గా సరిచేయమని ఒక ఉత్తరం రాయండి. ఆధార్‌లో గతంలో వయసు మాత్రమే చెప్పి నమోదు చేయించినందువల్ల జనవరి 1 పడిందనీ, ఎస్సెస్సీ ఆధారంగా ఇప్పుడు సరిచేయించుకున్నాననీ ఉన్నదున్నట్టు రాసి, సవరణ చీటీ నకలు జత చేయండి. పోలీసు విచారణ మీ బెంగళూరు చిరునామాకు వస్తుంది. అక్కడ కూడా ఇవే కాగితాలు, ఇదే మాట చెప్పండి.

ఊరికి వెళ్లి వచ్చాక ఆ రెండు రిజిస్టర్లలో ఏమున్నదో నాకు రాయండి. నకలు ఫోటో పంపేటప్పుడు మీ పేరూ, చుట్టుపక్కల పిల్లల పేర్లూ కనిపించకుండా కప్పి పంపండి.